ప్లేట్‌లెట్లు 38 వేలేనా? ముందు స్మియర్ చూపించండి

“అమ్మకు జ్వరం లేదు, ఒంటి మీద మచ్చలూ లేవు. కూకట్‌పల్లిలో మామూలు చెకప్ చేయిస్తే ప్లేట్‌లెట్లు 38 వేలు అని వచ్చింది. ఇది డెంగీయేనా?”

జ్వరం లేకుండా, చిగుళ్ల నుంచి రక్తం రాకుండా, చర్మంపై సన్నని ఎర్రచుక్కలు కనిపించకుండా ఇంత తక్కువ అంకె వచ్చినప్పుడు, ముందుగా అనుమానించవలసింది ఊదారంగు మూత గొట్టాన్నేనండి. అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గొట్టంలోనే ఒకదానికొకటి అతుక్కుంటాయి. యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించలేక వదిలేస్తుంది, ఒక్కోసారి తెల్లకణాలుగా కూడా లెక్కిస్తుంది. సూది సరిగా పడక రక్తం నెమ్మదిగా వచ్చినా గుంపులు ఏర్పడవచ్చు.

మా ల్యాబులో ఇటువంటి నమూనా 41 వేలు చూపింది. ఆ రక్తాన్ని గాజుపలకపై పూసి, అంటే స్మియర్ చేసి, పూత పలచబడే చివరి అంచును సూక్ష్మదర్శినిలో చూస్తే ప్లేట్‌లెట్లు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి. నీలిమూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీసి, ఆలస్యం చేయకుండా లెక్కిస్తే 1,90,000 వచ్చింది. ఆ గొట్టంలోని ద్రవం రక్తాన్ని పలుచన చేస్తుంది కనుక 1.1తో గుణిస్తే అసలు సంఖ్య 2,09,000. అయితే కొందరికి సిట్రేట్‌లోనూ గుంపులు కడతాయి, అప్పుడు స్మియర్‌పై అంచనాయే ఆధారం.

స్మియర్‌లో గుంపులు లేకుండా ప్లేట్‌లెట్లు నిజంగానే పలచగా ఉంటే డాక్టరుగారు డెంగీతోపాటు కాలేయ వ్యాధిలో పెరిగిన ప్లీహం, బి12 లోపం, వాడుతున్న మందులు, రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే ఐటీపీ వంటివి పరిశీలిస్తారు. ఈలోగా ఎక్కడైనా రక్తస్రావం కనిపిస్తే మాత్రం రెండో పరీక్ష కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.