అతిథికి ఛాతీ నొప్పి: 108తో మాట కలపడం

హోటల్లో హిందీ మాత్రమే వచ్చిన అతిథికి హఠాత్తుగా ఛాతీ నొప్పి వస్తే, 108 వాళ్లతో తెలుగులో ఏం చెప్పాలి?

ఫోన్ స్పీకర్‌లో పెట్టి అతిథి పక్కనే ఉండండి. ముందు చిరునామా చెప్పండి: ఊరు, హోటల్ పేరు, దగ్గరి గుర్తు, అంతస్తు, గది నంబరు. లైన్ తెగినా బండి ఎక్కడికి రావాలో వాళ్లకు తెలియాలి. తర్వాత: "స్పృహలో ఉన్నారు. ఊపిరి ఆడుతోంది. వయసు 58. నొప్పి 20 నిమిషాల కిందట మొదలైంది."

108 వాళ్ల ఒక్కో ప్రశ్న అతిథిని హిందీలో అడిగి, ఒక్కో జవాబు తెలుగులో అందించండి. అతిథి "సీనే పర్ బోఝ్ హై, బాయే హాథ్ తక్ దర్ద్ హై" అంటే, "ఛాతీ మీద బరువుగా ఉందట. నొప్పి ఎడమ చేతి దాకా ఉందట" అనండి. "గ్యాసేమో" అని రిసెప్షన్ వాళ్లు అంటే, దాన్ని అతిథి మాటగా చేరవేయొద్దు. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే.

ఆస్పిరిన్ నమలమని 108 వాళ్లు చెబితే, మోతాదు మీరు తిరిగి పలికి సరిచూసుకోండి. అలర్జీ, రక్తస్రావం సంగతి అతిథిని అడిగి, జవాబు వాళ్లకు చెప్పాకే ఇప్పించండి. అతన్ని నడిపించొద్దు, కూర్చోబెట్టండి. సిబ్బందిలో ఒకరు గేటు దగ్గర, ఒకరు లిఫ్టు దగ్గర ఉండాలి.

అతిథి పలకడం మానేసి, ఊపిరి సరిగా ఆడకపోతే ప్రశ్నలు ఆపి, "పలకడం లేదు, ఊపిరి సరిగా ఆడటం లేదు" అని వెంటనే చెప్పండి. సీపీఆర్ సూచనలు సిబ్బందికి అక్కడికక్కడే వినిపించండి.