టెక్ సందేహాలు: పెళ్లి వీడియో విదేశాలకు పంపేదెలా?

*మా అమ్మాయి పెళ్లి వీడియోలు ఫొటోగ్రాఫర్ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. మొత్తం 46 జీబీ. మూడు గంటల పెళ్లి వీడియో ఒక్కటే 31 జీబీ ఉంది. మిగతావి పెళ్లికూతుర్ని చేయడం, రిసెప్షన్. డల్లాస్‌లో మా తమ్ముడు, మెల్‌బోర్న్‌లో మా ఆడపడుచు ఎప్పుడు పంపుతారని అడుగుతున్నారు. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే స్టోరేజ్ నిండిందని సగంలో ఆగింది. ఎక్కిన ఫైలు లింక్ పంపితే పర్మిషన్ అడుగుతోందట. ఏం చేయాలి?*
*– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం*

ముందు డ్రైవ్‌లో సగం ఎక్కిన ఫైళ్లు తీసేయండి. తీసేశాక Trash కూడా ఖాళీ చేయాలి, లేకపోతే అవి 30 రోజులపాటు స్టోరేజ్‌లోనే లెక్కకు వస్తాయి. ఉచితంగా వచ్చే 15 జీబీని డ్రైవ్, జీమెయిల్, ఫొటోలు మూడూ పంచుకుంటాయి. అది నిండితే మీకు మెయిల్స్ రావడం ఆగిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంటో, టికెట్టో రాలేదని తెలిసేదాకా ఆ సంగతి చాలామందికి తట్టదు.

ఇక అసలు విషయం. చుట్టాల్లో చాలామందికి కావలసింది చూడటానికి ఒక కాపీ. దాచుకోవడానికి ఒరిజినల్ కావలసింది ఇంటికొకరికి. ఈ రెండింటినీ విడదీస్తే పని తేలికవుతుంది. 46 జీబీ మొత్తాన్ని అందరికీ పంపాలనుకోవడం వల్లే తిప్పలు.

చూసే కాపీకి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పెన్‌డ్రైవ్‌లోని వీడియోలను ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. హ్యాండ్‌బ్రేక్‌లో మూడు గంటల వీడియో తెరిచి, ప్రీసెట్లలో Fast 1080p30 ఎంచుకోండి. Video ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్‌ను Same as source చేయండి. ఫొటోగ్రాఫర్ 50 ఫ్రేములతో తీసి ఉంటే, 30కి కుదించినప్పుడు కెమెరా పక్కకు తిరిగే చోట బొమ్మ కుదుపుతో కనిపిస్తుంది. అదే ట్యాబ్‌లో సగటు బిట్‌రేట్ 4000 అని ఇవ్వండి. అంటే సెకనుకు 4 మెగాబిట్లు. మూడు గంటలకు 10,800 సెకన్లు, దాన్ని 4తో గుణించి 8తో భాగిస్తే 5,400 ఎంబీ. ఆడియో కలుపుకొని 5.6 జీబీ దగ్గర తేలుతుంది. టీవీలో చూసినా బాగానే ఉంటుంది. Summary ట్యాబ్‌లో Web Optimized దగ్గర టిక్ పెట్టడం మరవకండి. ఫైలు సూచిక మొదట్లోకి వస్తుంది కాబట్టి మొత్తం దిగకముందే వీడియో మొదలవుతుంది. పాత ల్యాప్‌టాప్ అయితే ఈ పనికి కొన్ని గంటలు పట్టవచ్చు, రాత్రి పెట్టి పడుకోవడం మేలు.

ఈ చిన్న ఫైలుకి మీ ఉచిత డ్రైవే సరిపోతుంది, మెయిల్స్, ఫొటోలు మరీ ఎక్కువ చోటు తినేసి ఉండకపోతే. విడి ఫైలు కాకుండా ఒక ఫోల్డర్ పెట్టి, దాని లింకే పంచండి. రేపు రిసెప్షన్ వీడియో అందులో వేసినా పాత లింకే పనిచేస్తుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి Share తెరిస్తే, కింద General access దగ్గర Restricted అని ఉంటుంది. మీవాళ్లను పర్మిషన్ అడుగుతున్నది దీనివల్లే. దాన్ని Anyone with the link అని మార్చి, పక్కన Viewer అనే ఉంచండి. Editor ఇస్తే ఎవరో ఒకరు పొరపాటున ఫైలు తీసేసే ప్రమాదం ఉంది. ఎక్కించిన వెంటనే నొక్కితే వీడియో ఇంకా ప్రాసెస్ అవుతోందని చూపిస్తుంది. అది తప్పు కాదు, పెద్ద వీడియోకి కొన్ని గంటలు పడుతుంది. డౌన్‌లోడ్ మాత్రం అప్పుడే అవుతుంది. ఫైలు పెద్దది కాబట్టి వైరస్ పరీక్ష చేయలేకపోయామన్న హెచ్చరిక వస్తే Download anyway నొక్కమని వాళ్లకు ముందే చెప్పండి. దాన్ని చూసి భయపడి ఆగిపోయేవాళ్లు చాలామంది.

యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింక్ ఉన్నవాళ్లు మాత్రమే చూసేలా, పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. మన పెళ్లి వీడియోల్లో తలంబ్రాలకో పాట, అప్పగింతలకో పాట సినిమాల్లోంచే తెచ్చి పెడతారు కదా. ఆ పాటల హక్కుదారులను బట్టి కొన్ని దేశాల్లో వీడియో కనబడకుండా పోవచ్చు. మీకు ఇక్కడ ఆడుతుంది, అక్కడ ఆడదు. నేనైతే ఆ జోలికి పోను.

ఇప్పుడు ఒరిజినల్స్. స్విస్‌ట్రాన్స్‌ఫర్ సైట్‌లో ఖాతా లేకుండానే ఒక్కోసారి 50 జీబీ వరకు పంపవచ్చు, గరిష్ఠంగా 30 రోజులు ఉంచవచ్చు. మీది 46 జీబీయే కదా అని ఒకేసారి పెట్టకండి. విండోస్ కేబీ, ఎంబీ, జీబీ ఒక్కో మెట్టును 1024 చొప్పున లెక్కిస్తుంది. అది చూపించే 46 జీబీని వెయ్యి చొప్పున లెక్కిస్తే 49.4 జీబీ అవుతుంది, హద్దును దాదాపు తాకినట్టే. (మీ 64 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో 60 కన్నా తక్కువ చూపించేది కూడా ఈ లెక్క తేడాతోనే.) పెళ్లి వీడియో ఒక ట్రాన్స్‌ఫర్‌గా, మిగతావి ఇంకొకటిగా పంపండి. ఒకటి మధ్యలో తెగినా రెండోది మిగులుతుంది. గడువు 30 రోజులు ఎంచుకొని, పాస్‌వర్డ్ పెట్టండి. లింక్ వాట్సాప్‌లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పండి. లింక్‌తో పాటు ఫలానా తేదీలోపు దించుకోవాలని రాయండి. ఆ తేదీ దాటితే మీరు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే.

ఎక్కించడానికి పట్టే సమయం మీ అప్‌లోడ్ వేగాన్ని బట్టి ఉంటుంది, ప్లాన్‌లో పెద్దగా రాసే డౌన్‌లోడ్ వేగాన్ని బట్టి కాదు. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ వస్తే మొత్తానికి రెండు గంటల ముప్పావు, 10 వస్తే పదకొండు గంటలు. ఇది కాగితం మీద లెక్క, పావు వంతు అదనంగా వేసుకోండి. రౌటర్‌కు కేబుల్‌తో కలిపితే వైఫై కన్నా నిలకడగా సాగుతుంది. బ్రౌజర్ ట్యాబ్ మూసినా, కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లినా అప్‌లోడ్ తెగిపోతుంది. అందుకే పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను Never చేసి, ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉంచండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతుకుతుంది గానీ రౌటర్ ఆగుతుంది, దాన్ని ఇన్వర్టర్ ప్లగ్‌కు పెట్టండి.

అవతల మీ తమ్ముడు, ఆడపడుచు ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లోనే దించుకోవాలి. 31 జీబీకి చాలా ఫోన్లలో చోటుండదు. దిగాక ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Properties చూస్తే బైట్లలో కచ్చితమైన సైజు ఉంటుంది. అది మీ దగ్గరి అంకెతో చివరి అంకె వరకు కలవాలి. తక్కువ ఉంటే సగమే దిగిందన్నమాట. అలాంటి ఫైలు అసలు తెరుచుకోదు, లేదా కొంతదూరం ఆడి ఆగిపోతుంది. వీడియో పాడైందని ఫొటోగ్రాఫర్‌ను అడగక్కర్లేదు, మళ్లీ దించితే చాలు. సైజు సరిగ్గా ఉండి కూడా ఆడకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి చూడమనండి.

టీవీకి పెట్టడానికి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు, చోటు ఉన్నా ఫైలు మరీ పెద్దదని మొరాయిస్తే ఆ పెన్‌డ్రైవ్ FAT32 పద్ధతిలో ఉన్నట్టు. అది 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. exFAT‌గా ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నవన్నీ ముందు వేరేచోటికి తీసి పెట్టుకొని.