పెద్దవాడు ఎవరి చంకైనా ఎక్కుతాడు, చిన్నది మొహం దాచుకుంటుంది. పెంపకం ఒకటే కదా?

ప్రశ్న: "మేం బెంగళూరులో ఉంటాం. బాబుకి నాలుగేళ్ళు, పాపకి పదహారు నెలలు. ఇద్దర్నీ ఒకేలా పెంచాం. వాడు పిలిచినవాళ్ళ దగ్గరికల్లా పోయేవాడు. ఇది కొత్త మనిషి కనపడితే చాలు, నా భుజంలో మొహం దాచేసుకుంటుంది. నేనే గారాబం చేశానని అత్తగారు అంటున్నారు. జూన్‌లో ప్లేస్కూల్లో వేయాలి, అప్పుడెలా?"

గారాబం వల్ల కాదండీ. కొత్తవాళ్ళకి బెదరడం చాలామంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది నెలలకి మొదలవుతుంది కాబట్టి ఇందులో కొంత వయసుది. మిగతాది స్వభావమా అని తెలుసుకోవాలంటే మనుషుల సంగతి పక్కనపెట్టి వస్తువుల దగ్గర చూడండి. కొత్త కూర, కొత్త చెప్పులు, ఊళ్ళో వేరే బాత్రూంలో స్నానం, వీటికి కూడా ముందు వెనకాడి, నాలుగైదు సార్లయ్యాక తనంతట తనే దగ్గరికొస్తోందా? అయితే అది పుట్టుకతో వచ్చిన తీరే.

నేను పిల్లల మనస్తత్వం చదువుకున్నదాన్ని. బెంగళూరులోనే మారతహళ్ళి వైపు ఎనిమిదేళ్ళు కౌన్సెలర్‌గా పనిచేశాను. అయినా నా ఇంట్లో విషయం నాకు ఆలస్యంగానే వెలిగింది.

మా అత్తగారిది నంద్యాల. మా ఇద్దరు పిల్లలకీ ఆవిడే నీళ్ళు పోశారు. అదే పీట, అవే కాళ్ళు, అదే సున్నిపిండి. పెద్దవాడు రెండో నెలలో మొదటి చెంబు పడగానే ఒళ్ళంతా విల్లులా వంచి, కింది ఫ్లాటువాళ్ళు పైకొచ్చి అడిగేంతగా ఏడ్చేవాడు. చిన్నది ఏడ్చేది కాదు. పిడికిళ్ళు బిగించి, తల ఒక పక్కకి తిప్పేసుకుని, నీళ్ళు ఆగేదాకా అలాగే ఉండేది. "ఇది బుద్ధిమంతురాలే" అని మురిసిపోయారు ఆవిడ. నిజానికి ఇద్దరికీ నచ్చలేదు. ఒకరు ఊరంతా వినేలా చెప్పారు, ఇంకొకరు మెల్లగా చెప్పారు, అంతే తేడా. నేను కూడా ఆ మెల్లగా చెప్పినదాన్ని వినిపించుకోలేదు.

ఈ తేడాల్ని శ్రద్ధగా గమనించినవాళ్ళు న్యూయార్క్‌లోని సైకియాట్రిస్టు దంపతులు, అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్. 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా చూశారు. అందులో సుమారు 40 శాతం మంది దేనికైనా సులువుగా అలవాటు పడేవాళ్ళు. 10 శాతం మందికి నిద్రకీ ఆకలికీ వేళాపాళా ఉండేది కాదు, ఏడిస్తే గట్టిగా ఏడ్చేవాళ్ళు. మా పెద్దవాడు ఆ బాపతు. 15 శాతం మంది నెమ్మదిగా కుదురుకునేవాళ్ళు. మా చిన్నది, బహుశా మీ పాప కూడా, ఈ గుంపు. మిగతా 35 శాతం మంది ఏ గుంపులోనూ ఇమడలేదు. అందుకే పిల్లలకి ఏదో ఒక ముద్ర వేసేయడం నాకు నచ్చదు.

వాళ్ళు చెప్పిన అసలు సంగతి ఈ గుంపులు కాదు, పొత్తు. పిల్లల తీరుకీ, చుట్టూ ఉన్నవాళ్ళు వాళ్ళని అడిగేదానికీ పొసుగుతుందా లేదా అన్నది. అదే ఊళ్ళో ప్యూర్టోరికో నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలనీ వాళ్ళు చూశారు. ఆ ఇళ్ళల్లో పసిపిల్లల్ని ఫలానా టైముకే పడుకోమని ఎవరూ పట్టుబట్టేవాళ్ళు కాదు. దాంతో నిద్రకి వేళ లేకపోవడం అక్కడ సమస్యే కాలేదు. బడికి పొద్దున్నే లేవాల్సి వచ్చినప్పుడు మాత్రం అదే నిద్ర సమస్యైంది. పిల్లల్లో మారిందేమీ లేదు.

మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది. నంద్యాలలో పెద్దవాడు రాత్రి పదకొండింటికి పడుకున్నా పట్టించుకునేవాళ్ళు లేరు, పొద్దున ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్ళు. బెంగళూరు తిరిగొస్తే నాకు ఏడూ నలభైకి ఆఫీసు క్యాబ్. అక్కడ హాయిగా ఉన్న పిల్లాడు ఇక్కడికొచ్చేసరికి మొండివాడైపోయాడు!

ఇక నేను చేసిన తప్పు. పెద్దవాడిని ప్లేస్కూల్లో వేసినప్పుడు టీచరు చేతికిచ్చి చటుక్కున వచ్చేసేదాన్ని. వాడు రెండు నిమిషాలు అరిచి ఇసుకలో పడిపోయేవాడు. చిన్నదానికీ అదే పద్ధతి పెట్టాను. అది ఏడవలేదు కాబట్టి కుదిరిందనుకున్నాను. తొమ్మిదో రోజు టిఫిన్ డబ్బా ముట్టుకోకుండా వచ్చింది, రాత్రి ఉలిక్కిపడి లేవడం మొదలైంది. టీచర్ని అడిగితే, చెప్పుల స్టాండు పక్కనే నిలబడి ఉంటుందని చెప్పింది. రోజూ, మూడు గంటలూ.

మాన్పించి, మూడు వారాల తర్వాత మళ్ళీ మొదలుపెట్టాం. మొదటి వారం పిల్లలందరూ వెళ్ళిపోయాక, ఖాళీ గదిలో ఇరవై నిమిషాలు. నేను గోడవారన కూర్చునేదాన్ని, వెళ్ళి ఆడుకోమని ఒక్కసారి కూడా అనలేదు. రెండో వారం ఇద్దరు ముగ్గురు పిల్లలున్న సమయంలో వెళ్ళాం, ఎప్పుడూ అదే టీచరు. మూడో వారం నేను గుమ్మం బయట. చెప్పకుండా మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. నాలుగో వారానికి రెండు గంటలు ఉంది, ఇడ్లీ సగం తిన్నది. ఇందులో రెండు పక్కలా గొయ్యి ఉంది. తోస్తే ఇంకా ముడుచుకుంటారు. పోనీలే అని కొత్తవన్నీ మానేస్తే, అలవాటు పడే అవకాశమే పోతుంది. కొత్తది ఉండాలి, కాకపోతే చిన్న మోతాదులో, మళ్ళీమళ్ళీ.

ఒకేలా పెంచాం అన్నారు. మేమూ అదే అనుకున్నాం. తోబుట్టువులకి జన్యువుల్లో సగటున సగమే ఉమ్మడి. పైగా ఒకే ఇంట్లో ఇద్దరికీ దక్కేది ఒకటి కాదు. మనస్తత్వ పరిశోధకులు రాబర్ట్ ప్లోమిన్, డెనీస్ డేనియల్స్ 1987లో రాసిన వ్యాసం ఈ ప్రశ్న మీదే. ఇంట్లో ఒక్కో పిల్లకి విడిగా ఎదురయ్యేదే వాళ్ళని వేరు చేస్తుందని వాళ్ళ వాదన. మీ ఇంట్లోనే చూడండి. బాబు నవ్వుతూ వచ్చేవాడు కాబట్టి లిఫ్టులో పదిమంది పలకరించి ఉంటారు. పాప మొహం తిప్పుకుంటుంది కాబట్టి ఊరుకుంటారు. అదే లిఫ్టు, అదే అపార్ట్‌మెంటు, కానీ వాడు చూసిన ప్రపంచం దీనికి దొరకలేదు.

ఇలాగే ఉండిపోతుందా అంటే, కచ్చితంగా చెప్పలేం. అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు జెరోమ్ కేగన్ నాలుగు నెలల పిల్లలకి కొత్త బొమ్మలు, శబ్దాలు, వాసనలు చూపించాడు. దాదాపు 20 శాతం మంది కాళ్ళూ చేతులూ గట్టిగా ఆడిస్తూ ఏడ్చారు. వాళ్ళలో చాలామంది తర్వాత బెరుకుగా ఉండిపోలేదు. అలాగని బాగా దూకుడుగా మారినవాళ్ళూ తక్కువే.

ఈ రెండు వారాలు ఒక పని చేయండి. పక్కింటివాళ్ళు వచ్చినప్పుడల్లా పాప మీ భుజం మీంచి తలెత్తడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్లో రాసుకోండి. అదే మనిషికి పదిహేను, పది, ఆరు అలా తగ్గుతూ వస్తే కుదురుకుంటున్నట్టే. అస్సలు తగ్గకపోయినా, ఇంట్లోవాళ్ళు పేరు పెట్టి పిలిచినా తిరగకపోయినా, కావాల్సింది వేలు పెట్టి చూపించకపోయినా అది స్వభావం అనుకుని ఊరుకోకండి. పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్‌కి ఓసారి చూపించండి, వినికిడి పరీక్ష కూడా చేయించండి.

అత్తగారి విషయానికొస్తే, మా అత్తగారికి నేను పాఠాలేం చెప్పలేదు. పక్కింటి పెద్దావిడ వచ్చినప్పుడు, మా చిన్నదాన్ని ఎత్తుకోబోకుండా కింద కూర్చుని చిక్కుడుకాయలు వలవమని ఆ పెద్దావిడకి చెప్పాను. పావుగంటకి అదే వెళ్ళి గిన్నెలో చెయ్యి పెట్టింది. "ఓహో, దీనికి తొందరపడకూడదన్నమాట" అన్నారు మా అత్తగారు.