శిక్షణ రిపోర్టు: 4.8 మార్కులు ఎలా 3.4 అయ్యాయి

"మా మండలంలో ప్రైమరీ టీచర్లకు మూడు రోజుల గణితం శిక్షణ జరిగింది. ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ మార్కులు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు నా దగ్గరున్నాయి. రిపోర్టు నన్నే రాయమన్నారు. రెండు టెస్టుల సగటు, రేటింగుల సగటు పెడితే సరిపోతుందా?"

సరిపోదండి. నేనూ మొదటిసారి అదే చేశాను, ఇంకాస్తయితే తప్పుడు అంకెతో రిపోర్టు పైకి వెళ్లిపోయేది. అది కూడా మూడు రోజుల శిక్షణే, భిన్నాల మీద, టెస్టు 20 మార్కులకు. ప్రీ టెస్ట్ 42 మంది రాశారు, సగటు 9. పోస్ట్ టెస్ట్ 35 మంది రాశారు, సగటు 13.8. ఇంకేముంది, 4.8 మార్కులు పెరిగాయని రాసేసి టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చాక హాజరు పట్టిక పక్కన పెట్టుకుని పేరు పేరునా సరిచూస్తే తెలిసింది, రెండు టెస్టులూ రాసినవాళ్లు 33 మందే. మొదటి టెస్టు మాత్రమే రాసిన తొమ్మిది మంది మూడో రోజు మధ్యాహ్నం బస్సు దొరకదని వెళ్లిపోయారు, వాళ్ల సగటు ఐదు కూడా లేదు. రెండో రోజు వచ్చి పోస్ట్ టెస్ట్ మాత్రమే రాసిన ఇద్దరికేమో చెరో 17. అంటే తక్కువ వచ్చినవాళ్లు లెక్కలోంచి పోయారు, బాగా వచ్చినవాళ్లు చేరారు, సగటు దానంతటదే పైకి లేచింది. ఆ 33 మందినే తీసుకుంటే 10.2 నుంచి 13.6, పెరిగింది 3.4.

కాబట్టి ముందు చేయాల్సిన పని ఒకే షీట్‌లో ఒక్కో టీచరుకు ఒక్కో వరస, పక్కపక్కనే రెండు మార్కులు. ఒకటి లేనివాళ్లను విడిగా ఉంచండి, కానీ వాళ్లు ఎంతమందో, ఎందుకు లేరో రిపోర్టులో రాయండి. ఈ పెరుగుదల కేవలం యాదృచ్ఛికమా అని చూసే గణాంక పరీక్ష ఎవరైనా అడిగితే (మా దగ్గర అడిగారు) ఎక్సెల్‌లో ప్రీ మార్కులు B కాలమ్‌లో, పోస్ట్ మార్కులు C కాలమ్‌లో ఉన్నప్పుడు, మా 33 మందికి ఇది చాలు:

```
=T.TEST(B2:B34,C2:C34,2,1)
```

చివరి 1 అంటే అదే మనిషి రెండు మార్కులు జతగా చూడమని. అక్కడ 2 గానీ 3 గానీ పెడితే వేరువేరు గుంపులుగా లెక్కేస్తుంది, అది మన పరిస్థితి కాదు. నిజం చెప్పాలంటే మా ఆఫీసులో ఆ విలువ కంటే "27 మందికి పెరిగాయి, నలుగురికి మారలేదు, ఇద్దరికి తగ్గాయి" అన్న లైనే అందరికీ అర్థమైంది.

తర్వాత ప్రశ్నల వారీగా చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది. మా 33 మందికి మొత్తం కలిపి పెరిగినవి 112 మార్కులు, అందులో 71 నాలుగు ప్రశ్నల నుంచే వచ్చాయి. ఎందుకా అని చూస్తే ఆ నాలుగూ రెండో రోజు రిసోర్స్ పర్సన్ అవే అంకెలతో బోర్డు మీద చేసి చూపించినవి. మేం రెండుసార్లూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చాం, తప్పు మాదే. అది నేర్చుకోవడమో గుర్తుండటమో ఆ మార్కులు చూసి చెప్పలేం. ఇంకోసారి చేస్తే అదే భావనకు అంకెలు మార్చి రెండో పత్రం తయారు చేయండి.

దీనికి పూర్తిగా వేరుగా ఉన్న ప్రశ్న ఒకటుంది. ఒక పిల్లాడు 2/3 + 1/4 = 3/7 అని రాశాడు, ఎందుకలా రాసి ఉంటాడు, మీరేం చేస్తారు అని. దీనికి సరిగ్గా రాసినవాళ్లు ముందు 6, తర్వాత 9. కూడిక చేయడం అందరికీ వచ్చు, పిల్లాడి తప్పు వెనకున్న ఆలోచన పట్టుకోవడమే రాలేదు, శిక్షణ పెట్టిందే దానికోసం!

ఇప్పుడు ఫీడ్‌బ్యాక్. మా రేటింగ్ సగటు 5కి 4.6. ఫారం మీద పేరు, స్కూలు పేరు రాయించి, హాజరు సర్టిఫికెట్ ఇచ్చే బల్ల దగ్గరే తీసుకున్నాం. అక్కడ ఎవరు 2 పెడతారండీ? ఆ తప్పులు పిల్లల నోట్‌బుక్కుల్లో ఎలా కనిపిస్తాయో చెప్పిన సెషన్‌కు కూడా 4.5 వచ్చింది. కానీ కింద రాసుకోవడానికి ఇచ్చిన ఖాళీలో ఏడుగురు ఒకే మాట రాశారు, మూడో రోజు మధ్యాహ్నం హడావుడిగా అయిపోయిందని. టైంటేబుల్ చూస్తే ఆ వేళ ఉన్నది ఈ తప్పుల సెషనే, గంటన్నర ఉండాల్సిన దాన్ని ముగింపు సభ కోసం 40 నిమిషాలకు కుదించారు. ఆ 6, 9 ఎందుకు అలా ఉన్నాయో చాలావరకు అర్థమైంది. రేటింగ్ ఒక్కటే చూసుంటే ఇది దొరికేది కాదు, మార్కులు ఒక్కటే చూసినా కారణం తెలిసేది కాదు. కాబట్టి రాతపూర్వక వ్యాఖ్యలను సెషన్ వారీగా విడదీసి, ఆ సెషన్‌కు సంబంధించిన ప్రశ్నల పక్కన పెట్టండి. ఫారం పేరు లేకుండా తీసుకుని, "వచ్చే సోమవారం మీ తరగతిలో ఏం మారుస్తారు?" అని ఒకటి అడిగితే "అన్నీ బాగున్నాయి" కంటే పనికొచ్చే జవాబులు వస్తాయి.

ఒక పరిమితి తప్పకుండా రాయండి. శిక్షణకు రాని టీచర్ల మార్కులు మన దగ్గర లేవు, తరగతి గదిలోకి వెళ్లి చూడలేదు. కనుక "బోధన మెరుగుపడింది" అని రాయకండి, "శిక్షణ చివరి రోజు ఈ టెస్టులో ఇంత మారింది" అనే వరకే ఆగండి.

షీట్ సరిచూడకముందే నోటిమాటగా 4.8 అని చెప్పేశాను, అందుకే 3.4 చూసి మా ఆఫీసర్ తగ్గిందేంటని అడిగారు. ఆయన ముందు షీట్ తెరిచి, పోస్ట్ టెస్ట్ గడి ఖాళీగా ఉన్న తొమ్మిది పేర్లు చూపించాను. తర్వాతి శిక్షణ టైంటేబుల్‌లో ముగింపు సభ సాయంత్రం బస్సు వెళ్లిపోయే వేళకు కాకుండా ఉదయానికి మార్చారు.