నేల తేమ మోడల్‌లోకి రేపటి వాన ఎలా దూరుతుంది

ప్రశ్న: "వేరుశనగ పొలంలో పెట్టిన సెన్సార్ల రీడింగులనూ వాతావరణ పట్టికనూ కలిపి, ఎక్స్‌జీబూస్ట్‌తో రేపటి నేల తేమను అంచనా వేస్తున్నాను. `train_test_split`తో 20 శాతం టెస్ట్‌కు తీసి చూస్తే ఆర్-స్క్వేర్డ్ 0.98 వచ్చింది. కొత్త సీజన్‌లో వాడితే అంచనాలు ఘోరంగా తప్పుతున్నాయి. పారామీటర్లు ఎన్ని మార్చినా ఫలితం లేదు. పొరపాటు ఎక్కడుంది?"

పారామీటర్లను కొన్నాళ్లు పక్కన పెట్టండి, తప్పు అక్కడ లేదు. అనంతపురం జిల్లా ఎర్ర నేలల్లో, డ్రిప్ కింద వేసిన వేరుశనగలో మాకూ అచ్చంగా ఇదే జరిగింది. కారణం పట్టుకోవడానికి మాకు దాదాపు ఒక సీజన్ పట్టింది కాబట్టి, ఏ క్రమంలో వెతికామో ఆ క్రమంలోనే చెబుతాను.

మా దగ్గర 20 సెంటీమీటర్ల లోతున పెట్టిన 14 సెన్సార్లు ఉండేవి. పావుగంటకొక రీడింగు చొప్పున 120 రోజుల సీజన్‌కు 14 × 96 × 120, అంటే 1,61,280 వరుసలు వచ్చాయి. ఇంత డేటా ఉందని సంతోషించాం. కానీ ఆ సీజన్ మొత్తంలో 20 సెంటీమీటర్ల దాకా పదును దిగిన వానలు పద్నాలుగో పదిహేనో మాత్రమే, అవి కూడా 14 సెన్సార్ల మీదా ఒకేసారి పడినవే. మోడల్ నిజంగా నేర్చుకోవలసిన సంఘటనలు అన్నే. మిగిలిన వరుసలన్నీ వాటి మధ్య నేల మెల్లగా ఆరుతున్న కథ. అలాంటి పట్టికను యాదృచ్ఛికంగా విడగొడితే ఉదయం 10:15 రీడింగు ట్రైన్‌లోకీ, 10:30 రీడింగు టెస్ట్‌లోకీ వెళ్తాయి. ఆ పావుగంటలో ఆ లోతున తేమ 0.1 శాతం కూడా మారదు. తేదీ, సెన్సార్ నంబరు ఫీచర్లుగా ఉన్నాయంటే మోడల్‌లోని నిర్ణయ చెట్లకు వాతావరణంతో పనే లేదు, పక్క వరుసను చూసి రాసేస్తాయి. మీ 0.98లో ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది.

దీన్ని బయటపెట్టడానికి మోడల్ కన్నా ముందు ఒక మొద్దు అంచనా కట్టండి: రేపు ఉదయం 6 గంటల తేమ ఇవాళ ఉదయం 6 గంటల తేమతో సమానం. రెండో సీజన్‌లో ఈ మొద్దు అంచనా తప్పు (ఆర్‌ఎంఎస్‌ఈ లెక్కలో) 2.3 తేమ శాతం. మేం గర్వంగా తీసుకెళ్లి పొలంలో పెట్టిన మోడల్ తప్పు 2.9. ఏ గణితమూ లేని అంచనా కన్నా మా మోడల్ అధ్వాన్నంగా ఉందని అప్పుడే తెలిసింది.

తర్వాత సరిగ్గా కాలం ప్రకారం విడగొట్టాం. తొలి సీజన్‌తో శిక్షణ, రెండో సీజన్‌తో పరీక్ష. ఈసారి తప్పు 1.4కు దిగింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, మేమూ ఆగిపోయేవాళ్లమే. అయితే మా బృందంలో ఒకరు తప్పును వాన రోజులకు వేరుగా, ఆరుతున్న రోజులకు వేరుగా లెక్కకట్టారు. మొద్దు అంచనాకు వాన రోజుల్లో తప్పు 6 ఉంటే మా మోడల్‌కు 3.7 వచ్చింది. అప్పటికి మా ఫీచర్లలో వాన సూచన అన్నదే లేదు. ఉదయం 6 గంటలకు నిలబడి, సాయంత్రం పడబోయే వానను మోడల్ ఎలా పసిగట్టింది? ఆ ప్రశ్నే మమ్మల్ని భవిష్యత్తు సమాచారం మోడల్‌లోకి కారుతున్న అసలు రంధ్రం దగ్గరికి తీసుకెళ్లింది.

మా పట్టికలో వాన రెండు చోట్ల నుంచి వచ్చేది. ఒకటి భారత వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం, రెండోది ఈఆర్‌ఏ5 అనే ప్రపంచ వాతావరణ డేటాలోని గంటల వాన నుంచి మేమే కూడి చేసిన రోజువారీ మొత్తం. రెండింటినీ తేదీ మీద కలిపేశాం. వాతావరణ శాఖ లెక్కలో ఆగస్టు 14 వాన అంటే 13వ తేదీ ఉదయం 8:30 నుంచి 14వ తేదీ ఉదయం 8:30 వరకు పడినది. ఈఆర్‌ఏ5 సమయాలు యూటీసీలో ఉంటాయి, అక్కడ అర్ధరాత్రి అంటే మనకు ఉదయం 5:30. కాబట్టి దాని ఆగస్టు 14 అంటే మన 14వ తేదీ ఉదయం 5:30 నుంచి 15వ తేదీ ఉదయం 5:30 దాకా. మేం 14వ తేదీ ఉదయం 6 గంటలకు నిలబడి 15వ తేదీ ఉదయం 6 గంటల తేమ చెప్పాలి. అంటే ఇవాళ్టి వాన అనే అమాయకమైన పేరుతో, అంచనా వేయవలసిన 24 గంటల వాన దాదాపు మొత్తం ఫీచర్‌గా మోడల్ చేతిలో ఉంది. మొదటి వనరులోనూ రెండున్నర గంటల భవిష్యత్తు ఉంది. ఒకే తేదీ పేరు మీద రెండు వేర్వేరు రోజులు నడుస్తున్నాయని పట్టికను ఎంత చూసినా కనిపించదు. గడియారం దగ్గర పెట్టుకుని చూస్తేనే కనిపిస్తుంది.

ఈఆర్‌ఏ5లో ఇంకో చిక్కు కూడా ఉంది. అది సుమారు ఐదు రోజుల ఆలస్యంతో అందుబాటులోకి వస్తుంది. గడియారం సరిచేసినా, నిన్నటి విలువ ఇవాళ ఉదయానికి చేతిలో ఉండదు. అందుకే ప్రతి వాతావరణ వరుసకూ అది కొలిచిన సమయంతో పాటు అది మనకు అందే సమయాన్ని కూడా ఒక నిలువు వరుసగా చేర్చి, తేదీ మీద కాకుండా ఆ సమయం మీదే కలపడం అలవాటు చేసుకున్నాం. పొలంలోని ఆటోమేటిక్ వర్షమాపకం డేటా మాకు గంటలోపే అందేది కాబట్టి, చివరికి దానికే కట్టుబడ్డాం:

```python
rain["avail"] = rain["end_time"] + pd.Timedelta("1h")
rows = pd.merge_asof(
    rows.sort_values("decide_at"),
    rain.sort_values("avail"),
    left_on="decide_at", right_on="avail",
    direction="backward",
)
```

ఇక్కడ `decide_at` అంటే రైతు డ్రిప్ వదలాలా వద్దా అని నిర్ణయించుకునే క్షణం. ఆ క్షణానికి ముందు అందిన వరుస మాత్రమే జతవుతుంది. గడిచిన మూడు రోజుల వాన లాంటి మొత్తాలను ఈ కలపడానికి ముందే, `rain` పట్టికలోనే కట్టుకోవాలి.

రెండో రంధ్రం ఖాళీలు పూరించడంలో దొరికింది. సెన్సార్ల రీడింగులను పంపే మా గేట్‌వే సోలార్ మీద నడిచేది. ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ దిగిపోయి రీడింగులు ఆగిపోయేవి. అంటే ఖాళీలు ఎక్కడ పడితే అక్కడ కాదు, సరిగ్గా వాన చుట్టూనే వచ్చేవి. ఒక సెన్సార్ దగ్గర ఖాళీకి ముందు 14 శాతం, 30 గంటల తర్వాత 26 శాతం ఉంది. వాన పడింది ఆ ఖాళీలో చివరి ఎనిమిది గంటల్లోనే. పాండాస్‌లోని `interpolate()` ఈ రెండింటి మధ్య సరళరేఖ గీసింది, దాంతో చినుకు పడకముందే 20 గంటలకు పైగా తేమ గంటకు 0.4 చొప్పున ఎక్కుతున్నట్టు తయారైంది. ఆరవలసిన నేల వాన లేకుండా తడుస్తోందంటే త్వరలో పెద్ద వాన ఉందని మోడల్ నేర్చుకుంది. ఆ పాఠం పొలంలో ఎప్పటికీ పనికిరాదు. ఇప్పుడు మేం ఫీచర్ల వైపు ఖాళీలను `NaN`గానే వదిలేస్తాం. ఎక్స్‌జీబూస్ట్, లైట్‌జీబీఎం రెండూ వాటిని నేరుగా స్వీకరిస్తాయి. అంచనా వేయవలసిన విలువే ఖాళీ అయితే ఆ వరుసను తీసేస్తాం, పూరించిన విలువ మీద పరీక్ష పెట్టం. గ్రాఫు నునుపుగా కనిపించాలని రెండు వైపులా చూసి సగటు కట్టే ఫిల్టర్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

డ్రిప్ నడిపిన గంటలను రోజువారీ మొత్తంగా ఇస్తుంటే అది కూడా చూసుకోండి. ఉదయం 6 తర్వాత వదిలిన నీరు ఆ మొత్తంలో కలిసి ఉంటుంది.

ఇక పరీక్ష ఎలా పెట్టాలన్నది మీ మోడల్ ఎక్కడ వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. సెన్సార్ ఉన్న పొలంలోనే రేపటి తేమ కావాలంటే కాలం ప్రకారం విడగొట్టండి. ఒకే రోజున్న అన్ని సెన్సార్ల వరుసలూ ఒకే వైపు ఉండాలి, ఎందుకంటే ఆ రోజు వాన అందరికీ ఒకటే. రెండు భాగాల మధ్య మేం పది రోజులు వదిలేశాం, ఒక మంచి వాన ప్రభావం ఆ లోతున అన్నాళ్లు నిలిచేది. ఎర్లీ స్టాపింగ్ కోసం వాడే భాగం కూడా టెస్ట్ నుంచి వేరుగా ఉండాలి. సెన్సార్ లేని పొలానికి అంచనా కావాలంటే అది పూర్తిగా వేరే సమస్య. అప్పుడు `GroupKFold`తో ఒక పొలం మొత్తాన్ని బయట పెట్టాలి, నిన్నటి తేమ, అదే ప్రోబ్‌లోని నేల ఉష్ణోగ్రత ఫీచర్లుగా ఉండకూడదు. అక్షాంశం, బంకమట్టి శాతం లాంటి మారని విలువలు కూడా ఈ పరీక్షలో జాగ్రత్తగా చూడవలసినవే, పద్నాలుగు సెన్సార్లలో అవి సెన్సార్ నంబరుకు మారుపేర్లే. కెపాసిటెన్స్ సెన్సార్లకు ఫ్యాక్టరీ కాలిబ్రేషన్‌తో ±3 శాతం తేడా మామూలు. ఒక్కో సెన్సార్‌కున్న ఆ తేడాను కంఠస్థం చేసినా ఆర్-స్క్వేర్డ్ పెరుగుతుంది.

ఈ మరమ్మతులతో పాటు మేం చేసిన మంచి మార్పు ఒకటుంది. తేమ విలువను కాకుండా, ఇవాళ్టి 6 నుంచి రేపటి 6కి వచ్చే మార్పును అంచనా వేయించాం. బూస్టింగ్ చెట్లు శిక్షణలో చూడని స్థాయిని దాటి చెప్పలేవు కాబట్టి, తొలి సీజన్ కన్నా ఎండిన సీజన్ వస్తే తేమ విలువ మీద తడబడతాయి. మార్పు మీద ఆ ఇబ్బంది తక్కువ.

రంధ్రాలన్నీ మూసేసరికి వాన రోజుల తప్పు 3.7 నుంచి 5.8కి ఎగబాకింది. అదే నిజం, వాన తెలియని మోడల్ అంతకన్నా చేయలేదు. ఆ తర్వాత ప్రతి ఉదయం 6కు ముందు విడుదలై, అలాగే భద్రపరిచిన వాన సూచనలను చేర్చితే 4.8కి దిగింది. ఇక్కడ సూచనకు బదులు కురిసిన వానను పెట్టి శిక్షణ ఇవ్వకండి, పొలంలో మీ చేతికి వచ్చేది సూచన మాత్రమే. ఆరుతున్న రోజుల్లో తప్పు 0.6, మొద్దు అంచనాకు 1.1. మొత్తం మీద 1.8 దగ్గర నిలిచాం. రైతుకు నీళ్లు ఎప్పుడు పెట్టాలో చెప్పడానికి ఆరుతున్న రోజుల 0.6 సరిపోయింది, వాన రోజున ఎలాగూ డ్రిప్ వదలరు.

మీరు తర్వాత దిగుబడి వైపు వెళ్తే మొదట చూడవలసిన చోటు వేరు. పంట కోత ప్రయోగాల సగటు దిగుబడిని ఆ ప్రయోగాలు జరిగిన ప్రాంతంలోని పొలాలన్నిటికీ ఒకే విలువగా పంచి ఉంటే, పొలాలను యాదృచ్ఛికంగా విడగొట్టినప్పుడు అదే అంకె రెండు వైపులా కూర్చుంటుంది. అక్కడ సంవత్సరం మొత్తాన్ని బయట పెట్టాలి. ఆగస్టులో చెప్పవలసిన అంచనాలో సెప్టెంబరు వాన ఉండకూడదు.

మీ విషయంలో ముందుగా రెండే పనులు చేయండి: వాన రోజుల తప్పును విడిగా లెక్కకట్టండి, వాన నిలువు వరుస ఏ గంట నుంచి ఏ గంట వరకు కూడినదో రాసి చూడండి. ఆ రెండు వివరాలూ ఇక్కడ పెడితే మిగతాది కలిసి చూద్దాం.