వెరిఫై చేసినా గేమ్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మారతహళ్లి పీజీలో ఉంటున్నాను. స్టీమ్‌లో ఫైల్స్ మూడుసార్లు వెరిఫై చేశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయంటోంది. అయినా గేమ్ మెనూ రాకముందే ఆగిపోతోంది. ఎందుకు?

స్టీమ్ దగ్గర ఆ గేమ్ ఫైళ్ల జాబితా ఉంటుంది. వెరిఫై అందులోని ప్రతి ఫైల్‌నూ చదివి, చెక్‌సమ్ కలవని భాగాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేస్తుంది. కరెంటు పోయి పాడైన ఫైల్ ఇలా బాగవుతుంది. జాబితాలో లేని ఫైల్ జోలికి మాత్రం పోదు.

మా తమ్ముడి పీసీలో అదే జరిగింది. పాత గ్రాఫిక్స్ మాడ్ తాలూకు `dxgi.dll` గేమ్ `.exe` పక్కనే ఉండిపోయింది. విండోస్‌లోని అసలు ఫైల్‌కు బదులు గేమ్ దాన్నే లోడ్ చేసుకునేది. దాన్ని వేరే ఫోల్డర్‌కు మార్చగానే టెన్షన్ తీరింది. మీరెప్పుడైనా మాడ్ వేశారా? అయితే ముందు అక్కడే వెతకండి. అన్ఇన్‌స్టాల్ చేసినా ఇలాంటివి తరచూ మిగిలిపోతాయి.

`AppData`లోని సెట్టింగ్స్, గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా వెరిఫై పరిధిలోకి రావు.