వెనిగర్ బలహీనమైన ఆమ్లమైతే అంత ఘాటెందుకు, షుగర్ తగ్గిస్తుందా?

“వెనిగర్‌ది వీక్ యాసిడ్ అంటారు, మరి నాలుక మండిపోతుందేంటి? భోజనానికి ముందు తాగితే షుగర్ తగ్గుతుందన్నది నిజమేనా?”

బలహీనం అంటే పలచన అని కాదండీ. 5 శాతం వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం అణువులు వెయ్యి ఉంటే అందులో నాలుగైదు మాత్రమే హైడ్రోజన్ అయాన్‌ను వదులుతాయి, మిగతావి విడిపోకుండా అలాగే ఉంటాయి, అందుకే దాన్ని బలహీనమంటారు. కానీ ఆ విడిపోనివే అసలు సంగతి! వాటికి విద్యుదావేశం ఉండదు కాబట్టి నాలుక మీది రుచి కణాల పొరలోంచి సులువుగా లోపలికి వెళ్లి, అక్కడ విడిపోతాయి. అందుకే ఒకే pH దగ్గర హైడ్రోక్లోరిక్ ఆమ్లం కంటే ఇదే ఎక్కువ పుల్లగా అనిపిస్తుంది. ఆవిరై ముక్కుకెక్కేదీ ఇవే.

ఇక షుగర్. 2005లో స్వీడన్‌లో 12 మంది ఆరోగ్యవంతులకు 50 గ్రాముల పిండిపదార్థం ఉన్న తెల్ల బ్రెడ్‌ను ఒకసారి విడిగా, మిగతాసార్లు వేర్వేరు మోతాదుల్లో వెనిగర్‌తో పెట్టి చూశారు. మోతాదు పెరిగేకొద్దీ అరగంట దగ్గర గ్లూకోజ్ తక్కువగా పెరిగింది, కడుపు నిండిన భావనా ఎక్కువైంది. అంటే తగ్గేది తిన్న వెంటనే వచ్చే పెరుగుదల. ఇలాంటివి చాలావరకు కొద్దిమందితో చేసిన ప్రయోగాలు, వాటిని చూసి మందులు ఆపేయడం నాకైతే ప్రమాదకరంగా కనిపిస్తోంది.

ఇన్సులిన్ వాడేవాళ్లయితే ముందు డాక్టర్‌ని అడగాలి. కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే సమస్య ఉన్న టైప్ 1 వాళ్లలో వెనిగర్ దాన్ని ఇంకా నెమ్మది చేసింది, అప్పుడు ఇన్సులిన్ ముందు పనిచేసి షుగర్ పడిపోవచ్చు. తాగితే నీళ్లలో బాగా కలిపే తాగండి, పళ్ల ఎనామిల్ అరిగిపోతుంది.